స్టోరీ పాయింట్ల మీద వినకూడని సలహాలు

స్టోరీ పాయింట్లు వాడే టీముల్లో కొన్ని సలహాలు ఒకరి నుంచి ఒకరికి అందుతూ ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకి పక్క సీటు సీనియర్ చెబుతాడు, లీడ్ చెబుతాడు, ఒక్కోసారి క్లయింటు వైపు మేనేజర్ కూడా చెబుతాడు. ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు, పని తేలికవుతుందనే చెబుతారు. అయితే ఆ సలహా పాటించిన కొన్ని స్ప్రింట్లకే పాయింట్లు ఎవరికీ ఉపయోగపడని అంకెలుగా మిగులుతాయి. అప్పుడు తప్పంతా పాయింట్ల మీదకి పోతుంది.

ఎక్కువగా వినిపించేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను. అన్నిటికీ ఒకే ఉదాహరణ. బస్సు టికెట్ల యాప్ మీద పనిచేసే ఐదుగురి టీమ్ అనుకోండి: ముగ్గురు డెవలపర్లు, ఒక టెస్టర్, కోడ్ కూడా రాసే ఒక లీడ్. స్ప్రింట్ రెండు వారాలు. అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి.

"ఒక పాయింటంటే ఎనిమిది గంటలు అనుకో, గోల ఉండదు"

అన్నిటికంటే ఎక్కువ వినిపించే సలహా ఇది. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

మన టీమ్‌లో ఒక చిన్న పని ఉంది: ప్రయాణికుడు ప్రొఫైల్‌లో మొబైల్ నంబర్ మార్చుకోవడం. పాత నంబర్‌కీ కొత్త నంబర్‌కీ ఓటీపీ పంపాలి, డేటాబేస్‌లో మార్చాలి, మార్చినట్టు ఎస్సెమ్మెస్ పంపాలి. ఎన్ని గంటలని అడిగితే ఆ కోడ్‌లో నాలుగేళ్లుగా ఉన్న డెవలపర్ ఆరు గంటలంటాడు. మొన్న చేరిన అమ్మాయి పద్నాలుగు అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అతనికి ఆరు, ఆమెకి పద్నాలుగు పడుతుంది. ఇప్పుడు జిరాలో ఏ అంకె వేయాలి? ఆరు వేస్తే ఆ పని ఆమె చేతికి వచ్చిన రోజు ఆమె వెనకబడినట్టు కనిపిస్తుంది. పద్నాలుగు వేస్తే అతను ఊరికే ఎక్కువ చెప్పాడని క్లయింటు అనుకుంటాడు. పది వేస్తే అది ఎవరి అంకే కాదు.

వాళ్లనే ఇంకో ప్రశ్న అడగండి. టికెట్ రద్దు చేస్తే డబ్బు యూపీఐకి తిరిగి వెళ్లే పని కూడా బ్యాక్‌లాగ్‌లో ఉంది. నంబర్ మార్పుతో పోలిస్తే ఇది ఎంత పెద్దది? అతను కాసేపు ఆలోచించి నాలుగింతలు ఉండొచ్చంటాడు. ఆమె కూడా మూడు, నాలుగింతలంటుంది. గంటల దగ్గర కుదరని ఇద్దరికీ పోలిక దగ్గర కుదిరింది. ఎందుకంటే గంట చేసే మనిషిని బట్టి మారుతుంది, ఒక పని ఇంకో పనికి ఎన్నింతలన్నది ఎవరు చేసినా అంతగా మారదు. నంబర్ మార్పుకి 2 వేస్తే రిఫండ్‌కి 8. ఎవరు చేస్తారో తెలియకముందే, రాబోయే ఆర్నెల్ల పనికి ఈ అంకెలు వేసుకోవచ్చు.

గంటలేమయ్యాయి మరి? ఎక్కడికీ పోలేదు. వాటిని ముందుగా ఊహించకుండా తర్వాత కొలుస్తాం. గడిచిన ఐదు స్ప్రింట్లలో మన టీమ్ 21, 26, 18, 24, 23 పాయింట్లు పూర్తి చేసిందనుకుందాం. మొత్తం 112, సగటు 22.4. దీన్నే వెలాసిటీ అంటారు. సెలవులు, ప్రొడక్షన్ ఇష్యూలు, కోడ్ రివ్యూలు, టెస్ట్ సర్వర్ పడిపోయిన మధ్యాహ్నాలు, కొత్తవాళ్లకి నేర్పిన గంటలు అన్నీ కలిసిపోయి ఈ ఒక్క అంకెలో ఉంటాయి. వాటిని ఎవరూ విడివిడిగా అంచనా వేయక్కర్లేదు.

ఇప్పుడు ఎనిమిది గంటల సలహా పాటించి చూడండి. ఐదుగురు, పది పనిరోజులు, రోజుకి ఎనిమిది గంటలు అంటే 400 గంటలు. ఎనిమిదితో భాగిస్తే 50 పాయింట్లు రావాలి. వచ్చినవి 22. రిపోర్టు చూసిన పైవాళ్లకి ఈ టీమ్ సగం కూడా పని చేయడం లేదనిపిస్తుంది. వివరణ అడుగుతారు. తర్వాతి ప్లానింగ్‌లో రెండు పాయింట్ల పనికి అందరూ 5 వేస్తారు. మూడు స్ప్రింట్లు తిరిగేసరికి రిపోర్టులో 50 కనిపిస్తుంది, పని మాత్రం ముందున్నంతే జరుగుతుంది.

నిజానికి పాయింట్లు పుట్టిందే ఈ గొడవ తప్పించుకోవడానికి. 1990ల చివర్లో కెంట్ బెక్, రాన్ జెఫ్రీస్ తదితరులు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌ని రూపుదిద్దుతున్నప్పుడు పనులను 'ఆదర్శ దినాల్లో' లెక్కగట్టేవారు. ఎవరూ కదిలించకుండా వదిలేస్తే ఆ పనికి ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ లెక్క. ఒక ఆదర్శ దినం పనికి మామూలు రోజులు సుమారు మూడు పట్టేవి. మూడు రోజులదాన్ని ఒక రోజని ఎందుకంటున్నారని ప్రాజెక్టు పెద్దలు అడుగుతుంటే, 'దినం' అన్న మాట తీసేసి పాయింట్లు అనడం మొదలుపెట్టారు. ఎనిమిది గంటల సలహా ఆ తీసేసిన మాటనే వెనక్కి తెచ్చి పెడుతుంది.

ఇక్కడ లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఒకటి అడుగుతారు. 400 గంటల్ని 22.4తో భాగిస్తే పాయింటుకి దాదాపు 18 గంటలు వస్తున్నాయి కదా, అదే వాడుకుంటే పోలేదా అని. స్ప్రింట్ మొత్తానికి సగటుగా అది నిజమే. ఏ ఒక్క పనికీ అది నిజం కాదు. రెండు పాయింట్ల నంబర్ మార్పుకి 36 గంటలని ఎవరికైనా చెప్పి చూడండి, ఆరు గంటల్లో చేసే డెవలపరే ముందు అభ్యంతరం చెబుతాడు. మిగతా గంటలు ఆ పని లోపల లేవు, టీమ్ రోజుల్లో పరుచుకుని ఉన్నాయి. సగటుని తెచ్చి ఒక్కో కార్డుకి తగిలిస్తే ప్రతి కార్డూ అబద్ధం చెబుతుంది.

"లీడ్ ముందు ఒక నంబర్ చెబితే టైమ్ కలిసొస్తుంది"

టైమ్ కలిసొచ్చే మాట నిజమే. లీడ్ 5 అంటాడు, మిగతా నలుగురూ తల ఊపుతారు, ఇరవై కార్డులు అరగంటలో అయిపోతాయి. ఆ అరగంటలో దొరికింది లీడ్ ఒక్కడి అభిప్రాయమే. మొదట విన్న అంకె మనసులో పాతుకుపోయాక ఎంత నిజాయితీపరుడైనా దాని చుట్టుపక్కలే తిరుగుతాడు. లీడ్ సీనియర్ కూడా అయితే, 'అన్న చెప్పాక మనమేం చెబుతాం' అన్న మొహమాటం తోడవుతుంది.

అందుకే 2002లో జేమ్స్ గ్రెనింగ్ ప్లానింగ్ పోకర్ అనే పద్ధతి గురించి రాశారు. తర్వాత మైక్ కోన్ పుస్తకాల వల్ల అది అందరికీ చేరింది. ప్రతివాళ్లూ తమ అంకె కార్డుని బోర్లించి పెడతారు, అందరూ ఒకేసారి తిప్పుతారు. కార్డుల మీద 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 ఉంటాయి. పని పెద్దదయ్యేకొద్దీ మన చూపు మసకబారుతుంది కాబట్టి అంకెల మధ్య దూరం కూడా పెరుగుతుంది. '6 వేద్దామా 7 వేద్దామా' అని పదినిమిషాలు వాదించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: అంత సన్నని తేడా మీకు కనబడటం లేదు, 5 గానీ 8 గానీ తీసుకోండి.

కార్డులు తిరగేశాక ఏం జరుగుతుందో రిఫండ్ దగ్గరే చూద్దాం. ఒక డెవలపర్ 3, ఇద్దరు 8, లీడ్ 5, టెస్టర్ 13. ఇక్కడ సగటు తీయకూడదు. అందరికంటే తక్కువ వేసినవాళ్లు, అందరికంటే ఎక్కువ వేసినవాళ్లు ముందు మాట్లాడాలి.

"గేట్‌వే వాళ్ల రిఫండ్ ఏపీఐ రెడీగానే ఉంది కదా, మనం పిలవడమే. 3 చాలు" అంటాడు డెవలపర్.

"నలుగురు టికెట్ తీసుకుని ఇద్దరే రద్దు చేసుకుంటే? సర్వీస్ ఛార్జీ ఎవరికి ఎంత పడుతుంది?" అని అడుగుతుంది టెస్టర్. "గేట్‌వే నుంచి జవాబు రాకముందే మనవాళ్లు మళ్లీ బటన్ నొక్కితే డబ్బు రెండుసార్లు పోకూడదు. బ్యాంక్ దగ్గర ఫెయిలైతే మర్నాడు తెలుస్తుంది, అప్పటిదాకా ప్రయాణికుడికి స్క్రీన్ మీద ఏం చూపిస్తాం? ఇవన్నీ నేను టెస్ట్ చేయాలి అన్నా."

మూడు వేసిన అతను వీటిలో ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకేమో గేట్‌వేలోనే ఒకే రిఫండ్ రెండుసార్లు వెళ్లకుండా ఆపే ఏర్పాటు ఉందని తెలియదు, అది లీడ్ చెబుతాడు. రెండోసారి కార్డులు తిప్పితే 8, 8, 8, 8, 13. టికెట్‌లో కొన్ని సీట్లే రద్దు చేసే పనిని విడిగా ఇంకో స్టోరీ చేద్దామంటుంది టెస్టర్, అందరూ ఒప్పుకుంటారు, మిగిలినది 8. ఆ ఐదు నిమిషాల్లో వచ్చిన అంకె కంటే, స్టోరీ విడిపోవడం, బ్యాంక్ ఫెయిల్యూర్ ముందే బయటపడటం ఎక్కువ లాభం. లీడ్ ముందే 5 అని ఉంటే టెస్టర్ తన 13ని ఎత్తేది కాదు. ఆ విషయాలు స్ప్రింట్ ఎనిమిదో రోజున బయటపడేవి.

'టెస్టింగ్‌ని పాయింట్లలో కలపకు, డెవలప్‌మెంట్‌కే వెయ్యి' అనే ఇంకో సలహాకి కూడా ఇదే జవాబు. పాయింట్ అంటే ఆ పని పూర్తయ్యేదాకా పట్టే శ్రమ మొత్తం. టెస్టర్ కార్డు లేని అంచనా సగం అంచనా.

"స్ప్రింట్ అయ్యాక, పట్టిన టైమ్‌ని బట్టి పాయింట్లు సరిచెయ్యి"

ఇది చాలా నిజాయితీగా వినిపించే సలహా. 3 వేసిన పని ఐదు రోజులు తినేసింది, కాబట్టి దాన్ని 8గా మార్చి రికార్డు శుభ్రంగా ఉంచుదామంటారు. చాలామంది మంచి లీడ్‌లు ఇదే చేస్తారు. ఎందుకు చేయకూడదో కాస్త నిదానంగా చూడాలి.

మన బ్యాక్‌లాగ్‌లో ఇంకా 180 పాయింట్ల పని మిగిలి ఉంది. ఆ 180 కూడా మనం పని మొదలుపెట్టకముందు వేసిన అంచనాలే. వాటిలోనూ కొన్ని 3లు రేపు ఐదు రోజులు తింటాయి, ఏవో మనకి ఇప్పుడు తెలియదు. వెలాసిటీ 22.4 కూడా అలాంటి ముందస్తు అంచనాల్లోనే ఉంది. రెండూ ఒకే కొలతలో ఉన్నాయి కాబట్టి, మనం పనిని తక్కువగా చూసే అలవాటు రెండు వైపులా సమానంగా ఉంటుంది, భాగించినప్పుడు కొట్టుకుపోతుంది. 180ని 22.4తో భాగిస్తే ఎనిమిది స్ప్రింట్లు.

ఇప్పుడు ప్రతి స్ప్రింట్ చివరా కష్టపడ్డ కార్డులను పైకి సరిచేస్తూ పోయామనుకోండి. చివరి స్ప్రింట్‌లో 23 పాయింట్లు చేశాం, అందులో 3, 3, 5 వేసిన మూడు పనులు ఏడిపించాయి. వాటిని 5, 8, 8 చేస్తే 23 కాస్తా 33 అవుతుంది. అన్ని స్ప్రింట్లలో ఇలాగే చేస్తే సగటు 30 దాకా పోతుంది. 180ని 30తో భాగిస్తే ఆరు స్ప్రింట్లు. టీమ్ అంతే, పని అంతే, తేదీ మాత్రం కాగితం మీద నెల రోజులు ముందుకొచ్చింది. ఆ తేదీ క్లయింటుకి చెబితే తప్పుతాం. ఎందుకు తప్పామో కూడా తెలియదు, ఎందుకంటే రికార్డులో అన్నీ 'సరిగ్గా' ఉన్నాయి.

సరిచేయాల్సిన సందర్భం ఒకటుంది. పేమెంట్ గేట్‌వేతో ముడిపడిన ప్రతి పనీ మనం అనుకున్నదానికి రెట్టింపు అవుతోందని రెండు, మూడుసార్లు చూశాక, బ్యాక్‌లాగ్‌లో ఇంకా మొదలుపెట్టని గేట్‌వే పనులన్నిటినీ మళ్లీ పోల్చి చూసి మార్చండి. అప్పుడు, అయిపోయిన గేట్‌వే పనులను కూడా అదే లెక్కన మార్చి వెలాసిటీ మళ్లీ కట్టండి. మారిస్తే రెండు వైపులా మార్చాలి, లేకపోతే రెండు వైపులా వదిలేయాలి.

సగం అయిన పనికి సగం పాయింట్లు ఇచ్చే అలవాటు కూడా దీనికి దగ్గరిదే. 8 పాయింట్ల రిఫండ్‌లో కోడ్ అయింది, టెస్టింగ్ మిగిలింది, 5 వేసుకుందామంటారు. ఈ స్ప్రింట్‌కి సున్నా వేయండి, పూర్తయిన స్ప్రింట్‌లో 8 పడుతుంది. అంకె ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోతుంది, కొన్ని స్ప్రింట్ల సగటులో సర్దుకుంటుంది. 'దాదాపు అయిపోయింది' అన్న పనికి పాయింట్లిస్తే, ఆ దాదాపు ఎంతన్నది ఎవరూ చెప్పలేరు.

"వెలాసిటీ ప్రతి క్వార్టర్‌కి పది శాతం పెరగాలి"

పెరుగుతుంది, కచ్చితంగా పెరుగుతుంది. పాయింట్లు వేసేది టీమే కాబట్టి అడిగినంత పెరుగుతుంది. ఎవరూ కావాలని మోసం చేయరు. 3కీ 5కీ మధ్య ఊగే కార్డు వచ్చినప్పుడల్లా మొగ్గు 5 వైపే ఉంటుంది, అంతే.

ఇది జరుగుతోందని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఏడాది కింద పూర్తయిన నాలుగైదు పనులు తీసుకోండి, అప్పుడు వేసిన పాయింట్లు దాచిపెట్టి, ఇప్పుడు టీమ్‌తో కొత్తగా వేయించండి. నంబర్ మార్పుకి అప్పుడు 2 వేసినవాళ్లు ఇప్పుడు 5 వేస్తుంటే పెరిగింది వేగం కాదు, మన కొలత జారిపోయింది. దీనికి మందు కూడా అందులోనే ఉంది. అందరికీ బాగా గుర్తున్న రెండు, మూడు పాత పనులను కొలబద్దగా పెట్టుకోండి, ఒకటి 2కి, ఒకటి 5కి, ఒకటి 8కి. ప్లానింగ్‌లో ప్రతి కొత్త కార్డునీ వాటి పక్కన పెట్టి చూడండి. 'ఇది ఎన్ని పాయింట్లు?' అని అడగకండి. 'నంబర్ మార్పుకంటే పెద్దదా? రిఫండ్ అంత ఉందా?' అని అడగండి.

రెండు టీముల వెలాసిటీ పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఇంతే. మన టీమ్ 2 అన్నదాన్ని పై అంతస్తు టీమ్ 5 అంటుంది. వాళ్ల 50 మన 22 కంటే ఎక్కువో తక్కువో ఆ అంకెల నుంచి తెలియదు. మన టీమ్‌లోనే ఇద్దరు మారితే పాత వెలాసిటీ మీద కూడా నమ్మకం తగ్గించుకుని రెండు, మూడు స్ప్రింట్లు కొత్తగా చూడాలి.

"పాయింట్లు వాడితే తేదీ చెప్పనక్కర్లేదు"

ఇది డెవలపర్లు ఒకరికొకరు చెప్పుకునే సలహా. డబ్బు పెట్టేవాళ్లకి తేదీ కావాలి, అడగడం వాళ్ల హక్కు. సంక్రాంతి రద్దీకి ముందే రిఫండ్ పని చేయాలని బస్సుల కంపెనీ అడిగితే 'మాది ఎజైల్ అండీ' అనడం జవాబు కాదు.

జవాబు ఇలా కట్టాలి. మిగిలింది 180. మన అతి మంచి స్ప్రింట్ 26, ఆ లెక్కన ఏడు స్ప్రింట్లు. అతి చెడ్డది 18, ఆ లెక్కన పది. సగటున ఎనిమిది. అంటే పద్నాలుగు వారాల నుంచి ఇరవై వారాలు, పదహారు దగ్గర ఎక్కువ అవకాశం. సంక్రాంతికి పన్నెండు వారాలే ఉంటే మొత్తం పని అప్పటికి అవదు. ఆరు స్ప్రింట్లలో చెడ్డ లెక్కన 108, సగటు లెక్కన 134 పాయింట్లు అవుతాయి. మొదటి 108లో ఏముండాలో కంపెనీవాళ్లే ఎంచుకోవాలి, రిఫండ్ అందులోకి తప్పకుండా వస్తుంది. 108కీ 134కీ మధ్య ఉన్నవి కావచ్చు, కాకపోవచ్చు. ఆపైవి సంక్రాంతి తర్వాతే. ఇంత స్పష్టంగా చెప్పాక క్లయింటుతో గొడవ పడేది తక్కువ.

గంటల అవసరం ఎక్కడ ఉందో కూడా చెప్పాలి. క్లయింటు గంటకి ఇంత అని బిల్లు కడుతుంటే టైమ్‌షీట్ గంటల్లోనే ఉండాలి, అది జరిగిపోయిన పనికి లెక్క. స్ప్రింట్ మొదటి రోజున రిఫండ్‌ని చిన్న టాస్కులుగా విడగొట్టి, ఎవరు ఏది చేస్తారో తేలాక 'ఇది నాకు నాలుగు గంటలు' అనుకోవడంలోనూ తప్పు లేదు, అప్పుడు మనిషెవరో తెలుసు. జిరాలో `Story Points`, `Original Estimate` వేరువేరు ఫీల్డులుగా ఉన్నాయి. ఒకదాన్ని గుణించి రెండోదాన్ని నింపే ఫార్ములా మాత్రం ఎక్కడా పెట్టకండి.

పాయింట్లు అసలు అక్కర్లేని టీములు కూడా ఉంటాయి. 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ప్రస్తావనే లేదు. రాన్ జెఫ్రీస్ 2019లో, పాయింట్లను కనిపెట్టింది బహుశా తనేనని, అయితే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాశారు. వాటిని ఒత్తిడి పెట్టడానికీ, టీములను పోల్చడానికీ వాడటం ఆయనకి నచ్చలేదు. పనులను చిన్న ముక్కలు చేసుకోవడమే మేలన్నది ఆయన మాట. మీ టీమ్‌కి అది సరిపోతుందో లేదో ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు. మన ఉదాహరణలో ఐదు స్ప్రింట్లలో 28 స్టోరీలు పూర్తయ్యాయి, అంటే స్ప్రింట్‌కి 5.6. బ్యాక్‌లాగ్‌లో 45 స్టోరీలు మిగిలాయి. 45ని 5.6తో భాగిస్తే ఎనిమిది, పాయింట్లు చెప్పినదే. మీ పాత స్ప్రింట్ల మీద ఈ రెండు లెక్కలూ వేసి చూడండి. వరసగా దగ్గర దగ్గరగా వస్తుంటే కార్డుల మీద అంకెలు మానేసి స్టోరీలు లెక్కపెట్టుకోండి. టెస్టర్‌కీ డెవలపర్‌కీ మధ్య జరిగే ఆ ఐదు నిమిషాల మాటలు మాత్రం మానకండి.